కొన్ని అంటే అన్నీ కావనేగా అర్థం? మాక్ టెస్టులో మార్కు పోయింది

ప్రిలిమ్స్_పోరాటం

నిన్నటి మాక్ టెస్టు రీజనింగ్‌లో వచ్చిన బిట్టు ఇది.

ప్రకటన: కొన్ని పెన్నులు పుస్తకాలు.
ముగింపు: కొన్ని పెన్నులు పుస్తకాలు కావు.

ముగింపు కరెక్టే అని పెట్టాను. తప్పట. మార్కు రాకపోగా ఇంకో పావు మార్కు కోత. సొల్యూషన్ చూస్తే "కొన్ని అంటే అన్నీ కూడా కావచ్చు" అని ఒక్క లైను రాసి వదిలేశారు.

బయట ఎవరైనా అలా మాట్లాడతారా? అన్నీ అయితే అన్నీ అనే అంటాం కదా. దీనికి తోడు మా రూమ్మేట్ గాడు ఒకడు. అమ్మ పంపిన చేగోడీల డబ్బా రూములో పెట్టి లైబ్రరీకి వెళ్లాను. "ఒరేయ్, నీ చేగోడీలు కొన్ని తిన్నా" అని మెసేజ్ పెట్టాడు. సరేలే అనుకున్నా. వచ్చి మూత తీస్తే అడుగున నాలుగు నువ్వులు, నూనె మరక తప్ప ఏమీ లేదు. అబద్ధం ఎందుకు చెప్పావురా అంటే, "అబద్ధం ఎక్కడుంది? కొన్ని అంటే కనీసం ఒకటి, అన్నీ కూడా కావచ్చు, నీ పుస్తకంలోనే ఉంది" అని నా మెటీరియలే తీసి నాకు చూపించాడు.

పుస్తకం రైటా, నేను రైటా?

రీజనింగ్_మాస్టారు

పుస్తకమే రైటు. కొన్ని అంటే కనీసం ఒకటి, పై హద్దు లేదు. వెన్ చిత్రం గీసుకో తమ్ముడూ. పెన్నుల వలయం మొత్తం పుస్తకాల వలయంలోనే ఉన్నా ప్రకటన నిజమే అవుతుంది, నీ ముగింపు మాత్రం పోతుంది. ఏ ఒక్క చిత్రంలో చెడినా ముగింపు ఫాలో కానట్టే.

మనం ఇంట్లో మాట్లాడుకునే భాష లూజుగా ఉంటుంది. అందులో "కొన్ని" అనే మాటకే "అన్నీ కావు" అనే అర్థం అంటుకుని ఉంటుంది. పరీక్ష హాల్లో ఆ అర్థాన్ని బయట వదిలేసి లోపలికి వెళ్లాలి. అంతకు మించి ఇందులో ఆలోచించడానికేం లేదు.

నాలుగో_బెంచి

డబ్బాలో మొత్తం ఎన్ని చేగోడీలున్నాయో చెప్పకుండా తీర్పు అడిగితే ఎలా? రెండే ఉండి ఉంటే కేసు కొట్టేస్తాం.

ఉషా_టీచర్

ఇది చాలామంది పిల్లలు చేసే పొరపాటే. మామూలు వాక్యంలో సమ్ వాడాలి, ప్రశ్నలోనూ వ్యతిరేక వాక్యంలోనూ ఎనీ వాడాలి. మా తొమ్మిదో తరగతి వాళ్లకు రోజూ ఇదే చెబుతుంటాను. ఇంగ్లిష్ మీడియంలో రాస్తున్నట్టయితే ప్రశ్నను మళ్లీ ఒకసారి చదివి చూడు బాబూ.

ప్రిలిమ్స్_పోరాటం

గ్రామర్ డౌటు కాదు మేడమ్. "కొన్ని" అని వినగానే "అన్నీ కావు" అని మనసులోకి ఎందుకు వస్తుందన్నది నా గోల.

మాస్టారూ, లూజు భాష అంటున్నారు కానీ నా లాజిక్‌లో లూజు ఎక్కడుంది? వాడు అన్నీ తిని ఉంటే అన్నీ తిన్నా అనేవాడు. అనలేదు. కాబట్టి అన్నీ తినలేదు. ఇదీ లాజిక్కే కదా.

మాటల_మూట

నువ్వు ఇప్పుడు రాసిన మూడు ముక్కలు దాదాపు ఇదే వరసలో 19వ శతాబ్దంలో తత్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ రాశాడు. మీ పిల్లల్లో కొందరిని ఇవాళ చూశాను అని ఎవరితోనైనా అంటే, అందరినీ చూడలేదని వాళ్లు అనుకోవడంలో తప్పులేదు. అయితే అది ఆ మాటకున్న అర్థం కాదు, అందరినీ చూసి ఉంటే ఆ సంగతే చెప్పేవాడిని కదా అన్న లెక్క. వంద ఏళ్లు దాటాక ఇంకో తత్వవేత్త పాల్ గ్రైస్ 1967లో హార్వర్డ్ ఉపన్యాసాల్లో దీన్ని పద్ధతి ప్రకారం నిలబెట్టాడు. 1972లో భాషాశాస్త్రవేత్త లారెన్స్ హార్న్ తన పీహెచ్‌డీలో కొందరు, చాలామంది, అందరూ లాంటి మాటల్ని బలం ప్రకారం మెట్లుగా పేర్చి, కింది మెట్టు మాట వాడితే పై మెట్టుది కాదన్న సూచన ఎలా వస్తుందో చూపించాడు. అందుకే, మెట్ల వల్ల పుట్టే సూచన అనే అర్థంలో, దీనికి స్కేలార్ ఇంప్లికేచర్ అనే పేరు.

మాస్టారు చెప్పిన దాంట్లో సగం నాకు ఒప్పుదలే. పరీక్షలో మార్కు పోవడం న్యాయమే. కానీ ఆ "అన్నీ కావు" అనేది మాటకు అంటుకుని ఉన్న అర్థం అన్నారే, అది ఒప్పుకోను. మాటకే ఉంటే ఎక్కడికి వెళ్లినా దాంతో రావాలి. రాదు. మన ఉద్యోగాల అప్లికేషన్ సంగతే చూడండి. "ఫారంలో కొన్ని కాలమ్స్ ఖాళీగా ఉంటే అప్లికేషన్ రిజెక్ట్ అవుతుంది" అని రాసి ఉందనుకోండి. ఒకడు అన్ని కాలమ్స్ ఖాళీగా వదిలేసి, "కొన్ని అన్నారు కదండీ, నేను అన్నీ వదిలేశాను, నాకు వర్తించదు" అంటే ఒప్పుకుంటారా?

నాలుగో_బెంచి

ఆ అభ్యర్థి మీద నాకు గౌరవం పెరిగింది.

రీజనింగ్_మాస్టారు

అది రూలు కాబట్టి అలా చదువుతాం. రూల్సు కూడా పరీక్ష లాంటివే. మామూలు మాటల్లో చూపించండి.

మాటల_మూట

చూపిస్తాను. మీటింగుకి నేను రాలేదు, మిమ్మల్ని అడిగాను: "కొందరు వచ్చారా?" అందరూ వచ్చారు. మీరేమంటారు? "ఆఁ, అందరూ వచ్చారు" అంటారు. "లేదు, అందరూ వచ్చారు" అనరు. "కొందరు" అనే మాటలోనే "అందరూ కాదు" ఉంటే, అందరూ వచ్చినప్పుడు నా ప్రశ్నకు జవాబు "లేదు" కావాలి. ఇందులో రూలూ లేదు, పరీక్షా లేదు.

ప్రిలిమ్స్_పోరాటం

ఇది బాగుంది. మరి మా వాడి మెసేజ్‌లో ఆ సూచన అంత గట్టిగా ఎందుకు వచ్చింది?

మాటల_మూట

నీ కేసులో ఆ లెక్కకు కావలసిన మెట్లన్నీ గట్టిగా ఉన్నాయి కాబట్టి. ఒక్కొక్కటే చూడు.

"కొన్ని తిన్నా" అన్నాడు. "అన్నీ తిన్నా" అని టైపు చెయ్యడానికి పట్టే శ్రమ కూడా అంతే. అంటే పొడుగైపోతుందని మానేశాడనుకోవడానికి లేదు. అసలు డబ్బా గురించి నీకు కావలసింది ఏమైనా మిగిలాయా లేదా అన్నదే, కాబట్టి రెండో వాక్యం నీకు ఎక్కువ పనికొచ్చేది. అది వాడికీ తెలుసు. డబ్బా వాడి ఒళ్లోనే ఉంది, ఎన్ని తిన్నాడో లెక్క తెలియకపోయినా డబ్బా ఖాళీ అయిందో లేదో వాడికి తెలుసు. పైగా నీకు తెలియజేయడానికే మెసేజ్ పెట్టాడని నువ్వు నమ్మావు. ఇంత అనుకూలంగా ఉండి కూడా బలమైన మాట వాడలేదంటే, అది నిజం కాదు కాబట్టే వాడలేదని నువ్వు లెక్క కట్టావు.

ఇదంతా కాగితం మీద పెట్టి చేసే లెక్క కాదు, క్షణంలో అయిపోతుంది. కానీ ఈ మెట్లలో ఏ ఒక్కటి లేకపోయినా ముగింపు నిలవదు. పెన్నులు పుస్తకాల ప్రశ్నలో చూడు. అక్కడ మాట్లాడేవాడే లేడు. ఎవరికి ఏం తెలుసు, ఎవరికి ఏం కావాలి అన్నదేదీ లేదు. మెట్లన్నీ తీసేసి వాక్యాన్ని ఒంటరిగా నిలబెట్టారు. అందుకే అక్కడ మిగిలింది "కనీసం ఒకటి" మాత్రమే.

సొసైటీ_సెక్రటరీ

ఇది చదివాక రాయకుండా ఉండలేకపోతున్నాను. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో "కొన్ని ఫ్లాట్ల వాళ్లు ఈ నెల మెయింటెనెన్స్ కట్టారు, ధన్యవాదాలు" అని పెట్టాను. అంతే, అగ్గి రాజుకుంది. "అంటే కొందరు కట్టలేదన్నమాట, ఎవరా ఎగవేతదారులు, పేర్లు బయటపెట్టండి" అని ఒకాయన. నేను కట్టలేదని అన్నానా? అప్పటికి బ్యాంకు స్టేట్‌మెంట్ 7వ తేదీ దాకానే చూశాను. అందులో కనిపించిన వాళ్లకు థాంక్స్ చెప్పాను. మిగతా పేజీలు చూడనే లేదు. అందరూ కట్టేసి ఉండొచ్చు కూడా.

స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నారు మహానుభావులు. జనరల్ బాడీ మీటింగులో చదివారు.

వంటింటి_కబుర్లు

7వ తేదీ దాకా చూశాను అని ఒక ముక్క రాస్తే పోయేది కదండీ.

మాటల_మూట

వంటింటి కబుర్లు గారు చెప్పిందే మందు. సెక్రటరీ గారి కేసులో పోయింది "మాట్లాడేవాడికి మొత్తం తెలుసు" అనే మెట్టు. ఆయనకు తెలియదు. కానీ ఆయనకు తెలియదన్న సంగతి గ్రూపు వాళ్లకు తెలియదు. సెక్రటరీ అన్నాక లెక్కంతా చూసే ఉంటాడని అనుకున్నారు.

2013లో నోవా గుడ్‌మన్, స్టూల్‌ముల్లర్ చేసిన ప్రయోగం అచ్చం ఇదే. ఒకావిడకి 3 ఉత్తరాలు వచ్చాయి. మామూలుగా ఆ ఉత్తరాల్లో చెక్కులు ఉంటాయి. ఆవిడ ఫోన్ చేసి "మూడూ చూశాను, కొన్నింటిలో చెక్కులున్నాయి" అంటే, కనీసం ఒక ఉత్తరంలో చెక్కు లేదని వినేవాళ్లు గట్టిగా అనుకున్నారు. "మూడింటిలో రెండు చూశాను, కొన్నింటిలో చెక్కులున్నాయి" అంటే ఆ నమ్మకం సడలిపోయింది, మూడో దాంట్లోనూ ఉండొచ్చనుకున్నారు. చెక్కుల గురించి చెప్పిన వాక్యం రెండుసార్లూ ఒకటే.

కాబట్టి గ్రైస్ లెక్కలో మొదట వచ్చేది చిన్న ముగింపు: "అందరూ కట్టారని చెప్పే స్థితిలో ఈయన లేడు." అక్కడి నుంచి "కొందరు కట్టలేదని ఈయనకు తెలుసు" అనే పెద్ద ముగింపుకు వెళ్లాలంటే, ఈయనకు విషయం మొత్తం తెలుసు అన్న నమ్మకం ఒకటి మధ్యలో కావాలి. మీ గ్రూపు వాళ్లు అడగకుండానే ఆ నమ్మకాన్ని మీకు అరువిచ్చారు.

సొసైటీ_సెక్రటరీ

అరువిచ్చి వడ్డీతో సహా వసూలు చేశారు.

సందేహాల_సత్తి

మాటల మూట గారూ, ఒక అభ్యంతరం. ఈ సూచనను రద్దు చేయొచ్చు అని పుస్తకాల్లో ఒక ఉదాహరణ ఇస్తుంటారు. "కొందరు వచ్చారు, నిజానికి అందరూ వచ్చారు." వైరుధ్యం లేదు, కాబట్టి "అందరూ రాలేదు" అనేది అర్థంలో భాగం కాదు అని. నాకది ఎప్పుడూ నచ్చలేదు. అది రద్దు చేయడం కాదు, నోరు జారి సర్దుకోవడం. "ఆరింటికి వచ్చాడు, కాదు, ఏడింటికి" అన్నట్టు. సర్దుకుంటే ఏదైనా సర్దుకోవచ్చు.

మాటల_మూట

అభ్యంతరం సరైనదే, ఆ ఉదాహరణ ఒక్కదాని మీద భారం వెయ్యకూడదు. కానీ తేడా పట్టుకోవడానికి తిరగేసి చూడండి. "అందరూ వచ్చారు, నిజానికి కొందరు రాలేదు." ఇది సర్దుబాటు. వినగానే మొదటి ముక్క తప్పని వెనక్కి తీసుకుంటాం. "కొందరు వచ్చారు, నిజానికి అందరూ వచ్చారు" అన్నప్పుడు మొదటి ముక్కను వెనక్కి తీసుకోవడం లేదు, దాని మీద ఇంకొంచెం పేరుస్తున్నాం. అందరూ వచ్చారంటే కొందరు వచ్చినట్టే కదా.

అయినా మీకు "నిజానికి" అనే మాట అనుమానంగా ఉంటే అది లేకుండా చూడండి. "కొందరు పాసయ్యారని మాత్రం ఖాయం, అందరూ పాసై ఉన్నా ఆశ్చర్యం లేదు." ఇందులో సర్దుకోవడం ఎక్కడుంది? ఒకే శ్వాసలో, ముందే అనుకుని అన్న మాట. సూచన పుట్టకముందే ఆపేశాం.

రీజనింగ్_మాస్టారు

ఇక్కడ నాదొక పాయింటు. ఈమధ్య బ్యాంకు పరీక్షల్లో "ఓన్లీ ఎ ఫ్యూ" అని కొత్తగా ఇస్తున్నారు. "కొన్ని పెన్నులు మాత్రమే పుస్తకాలు" అంటే రెండు వాక్యాలుగా విడగొట్టమని చెబుతాం: కొన్ని పెన్నులు పుస్తకాలు, కొన్ని పెన్నులు పుస్తకాలు కావు. అక్కడ పోరాటం తమ్ముడి ముగింపు పూర్తిగా కరెక్టు, మార్కు వస్తుంది. దీన్ని మీరు రద్దు చెయ్యగలరా?

మాటల_మూట

చెయ్యలేను, ఎవరూ చెయ్యలేరు. చాలా మంచి ఉదాహరణ ఇచ్చారు మాస్టారూ. "మాత్రమే" పెట్టగానే సూచనగా ఉన్నది చెప్పిన మాటగా మారిపోతుంది. తెలుగులో అంత పొడుగు కూడా అక్కర్లేదు, ఒక్క ఏత్వం చాలు. "కొందరే వచ్చారు, అందరూ కూడా వచ్చి ఉండొచ్చు" అనండి, ఎదుటివాడు మీ మొహం వంక చూస్తాడు. అటు చివర "కొందరైనా వచ్చారు" అనండి, అందరూ రాలేదన్న సూచన చప్పున చల్లారిపోతుంది. మధ్యలో ఉన్న ఒట్టి "కొందరు" ఏ పక్కా తేల్చదు. దాన్ని సందర్భమే అటో ఇటో తోస్తుంది.

ఇంకో చిన్న తేడా కూడా గమనించండి. "కొందరు విద్యార్థులు వచ్చారు" అన్నదానికంటే "విద్యార్థుల్లో కొందరు వచ్చారు" అన్నప్పుడు మిగతావాళ్లు రాలేదన్న సూచన బలంగా తగులుతుంది. మొత్తం గుంపును పేరు పెట్టి కళ్ల ముందు నిలబెట్టాం కాబట్టి, మిగిలినవాళ్ల సంగతేమిటన్న ప్రశ్న దానంతటదే వస్తుంది.

ప్రిలిమ్స్_పోరాటం

అయితే మా వాడు "నీ చేగోడీల్లో కొన్ని తిన్నా" అని ఉంటే నేరం ఇంకా పెద్దదయ్యేది.

లా_పాయింటు

నేరం దాకా వచ్చారు కాబట్టి. అమెరికా సుప్రీంకోర్టులో 1973 నాటి బ్రాన్‌స్టన్ కేసు ఉంది. శామ్యూల్ బ్రాన్‌స్టన్ అనే సినీ నిర్మాత, దివాలా విచారణలో ప్రమాణం చేసి సాక్ష్యం చెబుతున్నాడు. స్విస్ బ్యాంకుల్లో ఖాతాలున్నాయా అని అడిగారు. లేవన్నాడు. ఎప్పుడైనా ఉండేవా అని అడిగారు. "జ్యూరిక్‌లో కంపెనీకి ఓ ఆరు నెలల పాటు ఖాతా ఉండేది" అన్నాడు. నిజమే, కంపెనీకి ఉండేది. కానీ అంతకుముందు ఆయనకు సొంత ఖాతా కూడా జెనీవాలో ఉండేది. ఆ జవాబు విన్నవాళ్లెవరైనా సొంతది లేదనే అనుకుంటారు. కింది కోర్టులు అబద్ధ సాక్ష్యమన్నాయి. సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా కొట్టేసింది. చెప్పిన మాట అక్షరాలా నిజం, దాని నుంచి తోచే మాట అబద్ధమైతే దాన్ని మళ్లీ అడిగి రాబట్టడం లాయరు పని అని చెప్పింది.

ఈ లెక్కన రూమ్మేట్ నిర్దోషి.

వంటింటి_కబుర్లు

కోర్టులో నిర్దోషి కావచ్చు, రూములో కాదు.

మాటల_మూట

లా పాయింటు గారి కేసు మంచిదే, కానీ అది దీనికి దాయాది, సొంత అన్నదమ్ముడు కాదు. అక్కడ కొన్ని, అన్నీ లాంటి మెట్లు లేవు. ప్రశ్నకు సగం జవాబిచ్చి మిగతా సగం లేదన్నట్టు వదిలేయడం ఉంది. మూలసూత్రం మాత్రం ఒకటే: ఎదుటివాడు అడిగినదానికి సరిపడా చెబుతున్నాడన్న నమ్మకం. కోర్టులో ప్రత్యర్థి సాక్షి మీద ఆ నమ్మకం పెట్టుకోవద్దంది తీర్పు. రూమ్మేట్ మీద పెట్టుకోవద్దా అన్నది వేరే సంగతి. నా మటుకు అది మోసమే, అబద్ధం అనను.

సందేహాల_సత్తి

నేనైతే అబద్ధమనే అంటాను. నమ్మించాలనుకున్నది తప్పుడు సంగతి. ఇంక తేడా ఏముంది?

లా_పాయింటు

తేడా ఏముందా? ఒకదానికి జైలు, ఒకదానికి లేదు.

అలంకార_ప్రియుడు

ఇదంతా మన ధ్వని సిద్ధాంతమే కదా. వాచ్యార్థం ఒకటి, వ్యంగ్యార్థం ఒకటి. వెయ్యేళ్ల కిందటే మనవాళ్లు చెప్పేశారు. మిల్లులూ గ్రైసులూ ఎందుకు?

మాటల_మూట

పోలిక ఉంది, కాదనను. చెప్పని అర్థం చెప్పిన అర్థం మీదుగా వస్తుందనేది రెండిట్లోనూ ఉంది. కానీ ఆలంకారికులు చూసింది కావ్యంలో రసికుడికి తోచే అందం. ఇక్కడ అడుగుతున్నది "కొందరు" లాంటి పొడి మాట, అందులో ఏ అందమూ లేకుండానే, పాలవాడితో మాట్లాడేటప్పుడు కూడా అదే సూచన ఎందుకిస్తుంది, ఎప్పుడు ఇవ్వదు అని. అన్న మాటకు పక్కన అనగలిగి అనని మాట ఏది అన్న లెక్క ఇక్కడ కీలకం.

వంటింటి_కబుర్లు

ఆ మెట్లు లేకపోతే పడిపోతుందన్నారు కదా, నాదొకటి చూడండి. మా అమ్మాయి పెళ్లిలో వంటవాళ్లు పులిహోరలో ఉప్పు రెండుసార్లు వేశారు. మా ఆడపడుచు మర్నాడు ఫోన్ చేసి, "వదినా, ఏమనుకోకు, కొందరికి పులిహోర అంతగా నచ్చలేదట" అంది. నాకు ఆ క్షణంలోనే అర్థమైంది, ఏ ఒక్కరూ తినలేదని. ఇక్కడ కొందరు అంటే అందరూ కాదని నాకు తోచనే లేదు. ఎందుకు?

మాటల_మూట

ఇది నేను చెబుదామనుకుంటున్నదే. ఇక్కడ పోయిన మెట్టు "బలమైన మాట నిజమైతే అది చెప్పేవాళ్లే" అన్నది. పెళ్లి చేసి అలసిన వదినతో "ఎవరికీ నచ్చలేదు" అని ఎవరంటారు? ఆవిడ తగ్గించి చెప్పడానికి మర్యాద అనే కారణం ఉంది. తగ్గించడానికి వేరే కారణం కనిపించగానే, అది నిజం కాదు కాబట్టి తగ్గించింది అనే కారణం అక్కర్లేకుండా పోతుంది.

2009లో బోన్‌ఫోన్, ఫీనీ, విల్‌జుబేర్ దీన్నే పరీక్షించారు. నువ్వు చదివిన కవిత కొందరికి బాగా నచ్చింది అంటే, అందరికీ నచ్చి ఉండకపోవచ్చని ఎక్కువమంది అనుకున్నారు. అదే కవిత కొందరికి అసలు నచ్చలేదు అంటే, అందరికీ నచ్చకపోయి ఉండవచ్చని ఒప్పుకునేవాళ్లు పెరిగారు. చేదు కబురు మర్యాదగా చెప్పాల్సిన చోట "కొందరు" మీద ఉన్న పై కప్పు లేచిపోతుంది.

వంటింటి_కబుర్లు

మా ఆడపడుచు మర్యాద కోసమే అందో లేదో మీకు తెలియదు లెండి.

డల్లాస్_బాబాయ్

నా మనవరాలికి అయిదేళ్లు. నిన్న బొమ్మలన్నీ పెట్టెలో సర్దేసింది. నేను ఊరికే ఏడిపిద్దామని "కొన్ని బొమ్మలు సర్దావు" అన్నాను. గొడవ చేస్తుందనుకుంటే "అవును తాతా" అని వెళ్లిపోయింది. పిల్ల రీజనింగ్ మాస్టారి కోచింగ్‌లో చేరినట్టుంది.

మాటల_మూట

మీ మనవరాలు ఒంటరి కాదు బాబాయ్ గారూ. 2003లో పాపఫ్రాగూ, ముసోలీనో అనే ఇద్దరు గ్రీకు మాట్లాడే అయిదేళ్ల పిల్లలకు ఇలాంటిదే చూపించారు. గుర్రపు బొమ్మలు అన్నీ కంచె దూకుతాయి. ఒక తోలుబొమ్మ "గుర్రాల్లో కొన్ని కంచె దూకాయి" అంటుంది. బాగా చెప్పిందా అని అడిగితే పెద్దలు దాదాపు అందరూ బాగా చెప్పలేదన్నారు, పిల్లల్లో చాలామంది బాగానే చెప్పిందన్నారు.

దానికి ముందు 2001లో ఐరా నోవెక్ ఫ్రెంచి పిల్లలతో చేశాడు. "కొన్ని జిరాఫీలకు పొడుగాటి మెడ ఉంటుంది" లాంటి వాక్యాలు. ఎనిమిదేళ్ల వాళ్లు 89 శాతం సార్లు ఒప్పుకున్నారు, పదేళ్ల వాళ్లు 85 శాతం. పెద్దలు 41 శాతమే. అంటే పెద్దవాళ్లు కూడా ఏకగ్రీవం కాదు, ఆ 41 శాతం మాస్టారి పక్షం.

రీజనింగ్_మాస్టారు

పిల్లలు లాజికల్‌గా పుడతారు, పెద్దయ్యాక చెడిపోతారు. నేను మొదటి నుంచీ చెబుతున్నదే.

మాటల_మూట

అలా అనుకోవడానికి లేదు మాస్టారూ. అదే గుర్రాలతో, మూడు దూకినప్పుడు "రెండు దూకాయి" అంటే అదే వయసు పిల్లల్లో ఎక్కువమంది తప్పన్నారు. మూడు దూకితే రెండు దూకినట్టే కదా, మీ లాజిక్ ప్రకారం అది నిజమే. కాబట్టి తక్కువ చెప్పడాన్ని పట్టుకోవడం పిల్లలకు తెలియక కాదు. ఒక వివరణ ఏమిటంటే, "కొన్ని" వినగానే దాని పక్కన "అన్నీ" అనే మాటను తెచ్చి పోల్చుకోవడం వాళ్లకింకా అలవాటు కాలేదు. అంకెలైతే ఒకటి, రెండు, మూడు అని వరసగా నోటికి వచ్చేశాయి. ఇంకో వివరణ, పిల్లలకు లోపం కనిపిస్తుంది గానీ దాన్ని తప్పు అనేంత పెద్దదిగా చూడరు అని. 2011లో కాట్సోస్, బిషప్ అవునూ కాదూ బదులు చిన్న, పెద్ద, మరీ పెద్ద స్ట్రాబెర్రీల్లో ఒకటి బహుమతిగా ఇవ్వమంటే, ఇలాంటి వాక్యాలకు పిల్లలు మధ్యదాన్ని ఇచ్చారు.

బాబాయ్ గారూ, ఈసారి "అవునా కాదా" అని కాకుండా, తాతయ్య మాట ఎంత బాగుందో మార్కులు వెయ్యమని అడిగి చూడండి.

డల్లాస్_బాబాయ్

స్ట్రాబెర్రీలు మా ఇంట్లో ప్రయోగం మొదలుపెట్టేలోపే మాయమవుతాయి. అన్నీ. కొన్ని కాదు.

ప్రిలిమ్స్_పోరాటం

ఒక ప్రాక్టికల్ డౌటు. నాకు పరీక్షలో టైము లేదు. ఈ సూచన మనసులో దానంతటదే పుడుతుందా, లేక నేను పనిగట్టుకుని పుట్టించుకుంటున్నానా? దానంతటదే అయితే ఆపుకోవడానికి టైము పడుతుంది.

మాటల_మూట

దీని మీదే కొట్టుకుంటున్నారు. బాట్, నోవెక్ 2004లో "కొన్ని ఏనుగులు క్షీరదాలు" లాంటి వాక్యాలిచ్చి నిజమా కాదా అని బటన్ నొక్కమన్నారు. అన్నీ క్షీరదాలే కాబట్టి ఈ వాక్యం తప్పు అనేవాళ్లకు, నిజమే అనేవాళ్లకంటే ఎక్కువ సమయం పట్టింది. అంటే సూచన చేరడానికే అదనపు పని కావాలి, మాస్టారి అర్థం ముందు వస్తుంది. ఆ ప్రకారం నీకు పరీక్షలో లాభమే. కానీ తర్వాత వింటున్నప్పటి కళ్ల కదలికలు కొలిచిన వాళ్లలో కొందరికి ఆ ఆలస్యం కనిపించింది, కొందరికి కనిపించలేదు.

నాలుగో_బెంచి

కొందరికి కనిపించింది అన్నారు. అందరికీ కాదనేగా?

మాటల_మూట

వెంటనే కొందరికి కనిపించలేదు అని కూడా అన్నాను. అక్కడ సూచనకు పనే లేదు.

సందేహాల_సత్తి

సరే, గ్రైస్ లెక్క బాగుంది. ఇప్పుడు దీనికి చెప్పండి. సెక్రటరీ గారి అపార్ట్‌మెంటే తీసుకుందాం. "ప్రతి ఫ్లాటు వాళ్లూ కొన్ని నెలల మెయింటెనెన్స్ కట్టారు." నాకు ఇది వింటే ఏ ఒక్క ఫ్లాటు కూడా అన్ని నెలలదీ కట్టలేదని అర్థమవుతుంది. మీ లెక్క ప్రకారం రావలసింది అది కాదు. బలమైన మాట "ప్రతి ఫ్లాటు వాళ్లూ అన్ని నెలలదీ కట్టారు". అది నిజం కాదంటే, ఏదో ఒక ఫ్లాటు మొత్తం కట్టలేదని మాత్రమే తేలుతుంది. మిగతా ఫ్లాట్లన్నీ పైసాతో సహా కట్టేసి ఉండొచ్చు. మరి నాకు తోచిన బలమైన సూచన ఎక్కడి నుంచి వచ్చింది? మాట్లాడేవాడి ఉద్దేశాల లెక్క నుంచి కాదు, వాక్యం లోపలే ఆ "కొన్ని" పక్కన కనిపించని "మాత్రమే" ఉన్నట్టుంది.

మాటల_మూట

అచ్చం ఇదే వాదన భాషాశాస్త్రవేత్త జెన్నారో కియెర్కియా చేశాడు, వ్యాకరణమే ఆ "మాత్రమే"ని లోపల పెడుతుందని. బార్ట్ గూర్ట్స్ లాంటివాళ్లు ఒప్పుకోరు. మీకు తోచిన సూచన నిజంగా జనానికి తోచేదేనా అని గూర్ట్స్ వాళ్లు 2009లో ప్రయోగం చేస్తే పెద్దగా కనిపించలేదు. 2011లో షెమ్లా, స్పెక్టర్ బొమ్మలు మార్చి చేస్తే కనిపించింది. నేను గూర్ట్స్ వైపు మొగ్గుతాను. ఆ వాక్యం వింటే నాకు ఎవరో కొందరు మొత్తం కట్టలేదని మాత్రమే తోస్తుంది, ఒకరిద్దరు పూర్తిగా కట్టి ఉన్నా వాక్యం అబద్ధమని అనను.

లా_పాయింటు

నేను సత్తి గారి పక్షం. మొత్తం కట్టినవాణ్ణి కూడా కొన్ని నెలలు కట్టినవాళ్లలో కలిపేస్తే వాడు పరువు నష్టం దావా వేస్తాడు.

సొసైటీ_సెక్రటరీ

ఏ ఒక్కరూ కాదా, కొందరు కాదా తేల్చి చెప్పండి. ఈ ఆదివారం ఆ నోటీసు నేనే రాయాలి.

సందేహాల_సత్తి

ఫ్లాట్ నంబరు పక్కన నెలల పేర్లు వేసేయండి సార్. "కొన్ని" జోలికి పోవద్దు.

సొసైటీ_సెక్రటరీ

32 ఫ్లాట్లండీ. సరే, వేస్తాను.